బస్తా మొహం

ఖాళీ యూరియా సంచిని నేల మీద పరిచి కొలిస్తే సుమారు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటుంది. ఇంత జాగా ఉంటే ఏమైనా రాసుకోవచ్చనిపిస్తుంది. అందులో నలభై అయిదు కిలోలు పోసి మూతి కుట్టి చూడండి. పైన మూడు వేళ్ల మందం కుట్టులోకి పోతుంది, కింద మరో మూడు వేళ్లు మడతలోకి పోతాయి. పొట్ట ఉబ్బుతుంది కాబట్టి రెండు పక్కలా అక్షరాలు వంపు తిరిగి వీపు వైపుకి జారిపోతాయి. ఎదురుగా నిలబడిన మనిషి కళ్లకి తిన్నగా ఆనే భాగం నలభై రెండు సెంటీమీటర్ల వెడల్పు, డెబ్భై సెంటీమీటర్ల ఎత్తు దాటదు. బస్తాకి మొహమంటూ ఉంటే అదే. ఎరువుల కంపెనీ, ప్రభుత్వం, తూనికల చట్టం, అమ్మే షావుకారు, కొనే రైతు అందరికీ ఆ కాస్త జాగాలోనే వాటా కావాలి.

నేను బతికింది ఆ జాగా మీదే. విజయవాడ చుట్టుపక్కల సంచుల ఫ్యాక్టరీలకి, మిల్లులకి, విత్తనాల వాళ్లకి సంచి మీద అచ్చు పడాల్సిన బొమ్మలూ అక్షరాలూ గీసి ఇచ్చే పని నాది. పత్రికలకి బొమ్మలు వేసేవాళ్ల పేరు కింద మూలనైనా పడుతుంది. బస్తా బొమ్మ గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు, ఉండక్కర్లేదు కూడా. రైతు ఆ సంచిని కోసి, ఎరువు చల్లి, మిగిలిన గుడ్డను నాలుగు పనులకి వాడుకుని చివరికి చింపి పారేస్తాడు. నా బొమ్మలు ఎన్నో గేదెల కొట్టాల మీద కప్పుగా ఎండకి ఎండి, పెళుసెక్కి, పెంకులు పెంకులుగా రాలిపోయాయి.

ఈ మధ్య కొత్తగా వచ్చే పిల్లలు కంప్యూటర్ తెర మీద సంచిని అద్భుతంగా చూపిస్తున్నారు. గరుకు నేత, కొద్దిగా నలిగిన అంచులు, మధ్యలో బ్రాండు కోసం తెల్లగా వదిలిన జాగా. చూస్తే చేత్తో తడమాలనిపిస్తుంది. మిల్లు యజమాని ఆ బొమ్మ చూసి వెంటనే సరేనంటాడు. చిక్కేమిటంటే తెర మీద సంచి ఒంటరిగా, నిటారుగా, మనవైపు తిరిగి నిలబడి ఉంటుంది. షాపులో సంచి అలా నిలబడదు. ఒకదాని మీద ఒకటి దొంతరగా పడుకుని ఉంటుంది. మొహం పై బస్తా కింద నలుగుతుంటుంది. మనకి కనబడేవి మూతి కుట్టు, అడుగు మడత, పక్క వంపు. అంటే ఎవరూ ఏమీ రాయని చోట్లన్నమాట. అందుకే అనుభవమున్న ఫ్యాక్టరీ వాళ్లు సంచి పక్క అంచున కూడా ఎరువు పేరూ అంకెలూ నిలువుగా అచ్చు వేస్తారు. గోడౌన్‌లో హమాలీకి అక్కరకొచ్చేది ఆ అంచే.

గరుకు నేత అన్నానే, దాని సంగతి చెప్పాలి. తెర మీద అది అలంకారం, అచ్చు యంత్రం మీద అదే అసలు తలనొప్పి.

సంచి గుడ్డ నూలు కాదు, పాలీప్రొపిలీన్. ఆ గుళికల్ని కరిగించి పల్చటి పొరగా తీసి, దాన్ని సన్నటి టేపులుగా చీల్చి, బలం వచ్చేలా సాగదీస్తారు. ఆ టేపుల్ని గుండ్రటి మగ్గం మీద గొట్టంలా నేస్తారు. మామూలు ఎరువుల సంచిలో అంగుళానికి పది పడుగు, పది పేక ఉంటాయి. అంటే ఒక్కో టేపు వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. టేపు టేపుకీ మధ్య సన్నటి పల్లం, ఒకటి పైకి వచ్చి ఒకటి కిందికి పోయే చోట చిన్న మెట్టు. ఈ ఎత్తుపల్లాల మీద రబ్బరు ప్లేటుతో రంగు అద్దుతారు, దాన్ని ఫ్లెక్సో అంటారు. ఎత్తు మీద రంగు దట్టంగా పడుతుంది, పల్లంలో అసలు పడదు. అక్షరం గీత మందం ఒక టేపు కన్నా తక్కువైతే ఆ గీత చుక్కల వరసైపోతుంది. కనీసం రెండు టేపుల మందం, అంటే అర సెంటీమీటరు గీత ఉంటే తప్ప అక్షరం అక్షరంలా నిలబడదని నా లెక్క.

ఇంగ్లీషు పెద్దక్షరాలకి ఈ గుడ్డతో పెద్ద పేచీ లేదు. అవి నిలువు గీతలు, అడ్డ గీతలు, పడుగూ పేకా లాగే. మన అక్షరాలు గుండ్రటివి. పైన తలకట్టు, కింద వత్తు, లోపల చిన్న చిన్న బొజ్జలు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక్క చిన్న మెలిక. ఆ మెలిక పల్లంలో పడితే పోయినట్టే. ‘నత్రజని’లో క్రావడి ఎగిరిపోతే ‘నతజని’ మిగులుతుంది. ‘భాస్వరం’ కింద వత్తు రంగుతో పూడుకుపోయి మచ్చలా కనబడుతుంది. అందువల్ల ఒకే మాట ఇంగ్లీషులో రెండు సెంటీమీటర్ల ఎత్తులో చదవగలిగితే తెలుగులో మూడున్నర కావాలి. ఎత్తు పెరిగితే వెడల్పూ పెరుగుతుంది. జాగా ఉన్నదేమో నలభై రెండు సెంటీమీటర్లు. అక్కడే తెలుగుకి కోత పడుతుంది. సంచుల మీద తెలుగు తక్కువ ఎందుకని చాలామంది భాషాభిమానులు నన్నడిగారు. దురుద్దేశం కొంత ఉంటే ఉండొచ్చు, ఎక్కువ భాగం మాత్రం రెండున్నర మిల్లీమీటర్ల టేపుదే. బోల్డంత పెద్దగా రాయడానికి ఒప్పుకుంటే తెలుగు ఈ గుడ్డ మీద హాయిగా కూర్చుంటుంది. చిన్నగా ఇరికిద్దామంటేనే చెడుతుంది.

దీనికి విరుగుడుగా ఇంకో రకం సంచి ఉంది. నున్నటి పారదర్శక పొర మీద లోపలి వైపు తిరగేసి అచ్చు వేసి, దాన్ని నేత గుడ్డకి వేడిగా అతికిస్తారు. ఫొటోలు కూడా పడతాయి, రంగు పొరకీ గుడ్డకీ మధ్య ఉంటుంది కాబట్టి గీసుకుపోదు. బియ్యం సంచుల మీద మెరిసే బొమ్మలన్నీ ఇవే. అయితే ఒక్కో రంగుకి ఒక్కో లోహపు సిలిండరు చెక్కించాలి, వేల సంఖ్యలో సంచులు కొంటే తప్ప గిట్టదు. పైగా నున్నగా ఉంటాయి కాబట్టి దొంతర పేర్చితే జారతాయి. ఎరువుల గోడౌన్‌లో ఇరవై వరసలు పేర్చాల్సిన చోట గరుకుతనమే బస్తాని బస్తా మీద నిలబెడుతుంది. తెర మీద అందం కోసం వేసుకునే ఆ గరుకుకి గోడౌన్‌లో ఉన్న పని అది.

గరుకు గుడ్డ మీద ఏ రెండు మూడు మాటలో తప్ప పెద్దగా పట్టవు. కనక ఏ మాట పెద్దది చేయాలో, దేన్ని మూలకి తొయ్యాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చిన దాన్ని బట్టి ఆ సంచి ఎవరి కోసం గీశారో చెప్పెయ్యొచ్చు.

నా మటుకు నేను ఎరువుల షాపుల దగ్గర గంటల తరబడి కూర్చుని రైతులు ఎలా అడుగుతారో విన్నాను. గుంటూరు జిల్లాలో ఒక షాపులో జరిగే మాటలు దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.

‘‘ఇరవై ఇరవై ఉందాండీ?’’

‘‘ఏ ఇరవై ఇరవై బాబాయ్? పదమూడు ఉన్నదా, లేనిదా?’’

‘‘మొన్న మా బావమరిది పట్టుకెళ్లాడు చూడు, అదియ్యి.’’

‘‘ఆయన పట్టుకెళ్లింది ఇరవై ఎనిమిది ఇరవై ఎనిమిది కదా!’’

ఆ బాబాయి చదువుకోలేదని కాదు. ఆయనకి కావాల్సింది కంపెనీ పేరు కాదు, అంకె. ఆ అంకె సంచి మీద కంపెనీ గుర్తు కింద, రంగు పట్టీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. 20-20-0-13 అంటే నూటికి ఇరవై పాళ్లు నత్రజని, ఇరవై పాళ్లు భాస్వరం, పొటాష్ సున్నా, పదమూడు పాళ్లు గంధకం. యాభై కిలోల బస్తాలో పది కిలోల నత్రజని, పది కిలోల భాస్వరం, ఆరున్నర కిలోల గంధకం ఉన్నట్టు. 28-28-0 అయితే నత్రజని పద్నాలుగు కిలోలు, భాస్వరం పద్నాలుగు కిలోలు, గంధకం లేదు. వేరుశనగ వేసేవాడికి ఆ గంధకం కావాలి, నూనె పంట కాబట్టి. అదే డీఏపీ అయితే 18-46-0, బస్తాలో తొమ్మిది కిలోల నత్రజని, ఇరవై మూడు కిలోల భాస్వరం. ధరని పక్కన పెట్టుకుని ఈ కిలోలతో లెక్క వేసుకుంటేనే ఏ బస్తా చవకో ఏది ప్రియమో తెలిసేది. సంచి మీద ఉన్న సమాచారంలో రైతు డబ్బుని తిన్నగా ముట్టుకునేది ఆ అంకెల వరస ఒక్కటే. దూరం నుంచి రంగు, దగ్గరికొస్తే అంకె, చేతిలోకి తీసుకుంటే ధర. రైతు చదివే వరస ఇది. సంచి గీయించేవాడి వరస పూర్తిగా వేరు: ముందు తన గుర్తు, తర్వాత తన పేరు, తర్వాత పచ్చటి పొలంలో నవ్వుతున్న రైతు బొమ్మ, జాగా మిగిలితే అంకె. (ఆ నవ్వుతున్న రైతు బొమ్మలు నేనూ గీశాను. అందరూ పచ్చటి తలపాగా వాళ్లే. మా జిల్లాలో తలపాగా చుట్టే రైతులు ఇప్పుడెందరున్నారని ఎవరూ అడగలేదు.)

మనవాళ్లకి బస్తా కొలత కూడా. ‘‘ఎకరానికి బస్తా’’ అంటారు తప్ప ఎకరానికి ఇన్ని కిలోలు అనరు. ఈ సంగతి ఢిల్లీలో ఎవరికో బాగా అర్థమైంది. 2018 మార్చి 1 నుంచి యూరియా బస్తాని యాభై కిలోల నుంచి నలభై అయిదుకి తగ్గించారు. రైతు బస్తాల లెక్కనే చల్లుతాడు కాబట్టి బస్తాలో అయిదు కిలోలు తగ్గిస్తే యూరియా వాడకం దానంతటదే తగ్గుతుందని వాళ్ల ఊహ. ధర కూడా ఆ మేరకు 268 రూపాయల నుంచి 242కి దిగింది, పన్నులూ వేపపూత ఖర్చూ దానికి వేరు. సంచి మీద మారింది ఒక్క అంకె, 50 బదులు 45. పొలంలో పడే నత్రజని బస్తాకి ఇరవై మూడు కిలోల నుంచి 20.7 కిలోలకి తగ్గింది. కొందరు రైతులు ‘‘బస్తా ఊరికే నిండట్లేదు’’ అని గొణిగి, ఎకరానికి బస్తాకి పైన ఇంకో కుంచెడు చల్లారు. కొలత మార్చినంత తేలిక కాదు అలవాటు మార్చడం.

ఇక 2022 సంగతి. సంచి మొహం మీద ఇంత పెద్ద మార్పు నేను చూడలేదు. ఆ ఏడాది ఆగస్టు చివర్లో కేంద్ర ఎరువుల శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. సబ్సిడీ ఎరువులన్నిటికీ ఒకే పేరు ఉండాలి: భారత్ యూరియా, భారత్ డీఏపీ, భారత్ ఎంఓపీ, భారత్ ఎన్‌పీకే. సంచి ముందు భాగంలో మూడింట రెండొంతులు ఆ పేరుకీ, ప్రధానమంత్రి భారతీయ జన్ ఉర్వరక్ పరియోజన గుర్తుకీ. మిగిలిన ఒక్క వంతులో కంపెనీ తన పేరు, గుర్తు, చట్ట ప్రకారం రాయాల్సినవన్నీ సర్దుకోవాలి. అక్టోబరు 2 నుంచి కొత్త సంచులు రావాలన్నారు, అక్టోబరు 17న ఢిల్లీలో ప్రధాని స్వయంగా ఆ పథకాన్ని ప్రారంభించారు.

మా ఫ్యాక్టరీల్లో ఆ నెలలో జరిగిన హడావిడి చెప్పడానికి రాదు. పాత ప్లేట్లన్నీ పక్కన పడ్డాయి. కొత్త సంచి గీయడానికి కూర్చున్నాక కొలతలు తీస్తే ఇలా తేలింది. కంటికి ఆనే మొహం ఎత్తు డెబ్భై సెంటీమీటర్లు. అందులో మూడింట రెండొంతులు దాదాపు నలభై ఏడు. మిగిలింది ఇరవై మూడు, మన పాత కొలతలో సరిగ్గా జానెడు. ఆ జానెడులో కంపెనీ పేరు గరుకు గుడ్డ మీద నిలబడాలంటే ఎనిమిది సెంటీమీటర్లు. గుర్తుకి ఆరు. నికర బరువు, గరిష్ఠ ధర ఒక వరసలో నాలుగు. తయారీదారు చిరునామా, పోషకాల శాతాలు, నెల, సంవత్సరం, బ్యాచ్ నంబరు మిగిలిన అయిదు సెంటీమీటర్లలో. అయిదు సెంటీమీటర్లలో నాలుగు వరసలు పట్టించాలంటే ఒక్కో అక్షరం ఒక సెంటీమీటరు ఎత్తు కూడా రాదు, గీత మందం ఒక టేపు కన్నా తక్కువ. అది గుడ్డ మీద ఎలా పడుతుందో ముందే చెప్పాను. చట్టం రాయమన్నది రాసినట్టే ఉంటుంది, చదవడానికి మాత్రం ఉండదు.

ఈ మార్పు మీద రెండు వాదనలూ విన్నాను. యూరియా ఎవరు చేసినా యూరియాయే, అందులో నత్రజని నూటికి నలభై ఆరు పాళ్లే. ఒక కంపెనీ సంచి బాగుంటుందని రైతు పట్టుబట్టడం వల్ల కాకినాడ సరుకు ఇంకెక్కడికో, ఇంకెక్కడి సరుకో మనకీ రైళ్లెక్కి తిరుగుతున్నాయి, ఆ రవాణా ఖర్చు సబ్సిడీ ఖాతాలో పడుతోంది అన్నది సర్కారు వాదన. యూరియా మట్టుకు నాకు ఇది సబబే అనిపిస్తుంది. రసాయనం ఒకటే అయినప్పుడు సంచి మీద గుర్తు కోసం ఎదురుచూసి అదును పోగొట్టుకోవడం తెలివి కాదు. అయితే కాంప్లెక్స్ ఎరువుల దగ్గర నేను ఒప్పుకోను. గుళిక గట్టిదనం, తడికి గడ్డకట్టే గుణం, సమంగా చల్లడానికి అనువు, ఇవన్నీ ఫ్యాక్టరీని బట్టి మారతాయి. గ్రోమోర్ అనో గోదావరి అనో రైతు ఏళ్ల తరబడి పేరు పట్టుకుని అడిగాడంటే ఊరికే అడగలేదు. పైగా ‘భారత్ ఎన్‌పీకే’ అన్న ఒక్క పేరు కింద 10-26-26, 14-35-14, 20-20-0-13 అన్నీ వస్తాయి. పేర్లు కలిసిపోయినప్పుడు అంకెలే విడదీయాలి. మూడింట రెండొంతుల జాగాని ఒక పేరుకి రాసిచ్చిన వాళ్లు అందులో సగమైనా ఆ అంకెలకి కేటాయించి ఉంటే, ఆ బాబాయి దూరం నుంచే తనకి కావాల్సిన బస్తాని వేలు పెట్టి చూపించేవాడు. కంపెనీ పేరు పెద్దదా దేశం పేరు పెద్దదా అన్న తగువులో రైతుకి పనికొచ్చే అక్షరం చిన్నదిగానే ఉండిపోయింది.

బియ్యం సంచి కథ వేరే దారిలో నడిచింది. అక్కడ బ్రాండు జాగా కోసం ఎవరూ కొట్టుకోలేదు, కొన్నాళ్లు ఆ జాగా నాకొద్దంటే నాకొద్దన్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టరైన బ్రాండు పేరుతో సంచిలో కట్టిన బియ్యం మీద అయిదు శాతం పన్ను, పేరు లేని బియ్యం మీద ఏమీ లేదు. మిర్యాలగూడ వైపు ఒక మిల్లు యజమాని నన్ను పిలిపించి, ‘‘ఏమండీ, ఆ పేరు తీసేసి నెమలి బొమ్మ మాత్రం ఉంచగలరా?’’ అనడిగాడు. ఆయన ఊహలో న్యాయముంది. జనం కొట్టుకెళ్లి ‘‘ఆ నెమలి బొమ్మ బియ్యం ఇవ్వండి’’ అంటారే తప్ప పేరు అడగరు. ఎరువు అంకెతో అమ్ముడైతే బియ్యం బొమ్మతో అమ్ముడవుతుంది. ఆ సెప్టెంబరులో సర్కారు ఇంకో మెలిక పెట్టింది. బ్రాండు మీద న్యాయస్థానంలో పోరాడే హక్కుని స్వచ్ఛందంగా వదులుకున్నామని సంచి మీద చెరగని సిరాతో, ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ స్పష్టంగా అచ్చు వేస్తే పన్ను ఉండదంది. దాంతో కొన్నాళ్లపాటు పైన మెరుస్తూ బ్రాండు పేరు, కింద ‘ఈ పేరు మీద మాకు హక్కు లేదు’ అన్న అర్థం వచ్చే వాక్యం, రెండూ ఒకే సంచి మీద వెలిశాయి. ఆ వాక్యాన్ని ఎంత చిన్నదిగా వేస్తే చట్టానికి సరిపోతుందో, ఎంత పెద్దదైతే గిరాకీ పోతుందో ఆ రెండింటి మధ్య కొలత వెతకడం నా పనైంది. నా వృత్తిలో ఇంత వింత పని ఇంకోటి చేయలేదు.

2022 జులై 18న ఆ లెక్క మారింది. బ్రాండు సంగతి వదిలేసి, ముందుగా కట్టి లేబుల్ వేసిన సరుకు ఇరవై అయిదు కిలోల వరకు ఉంటే పన్ను అన్నారు. ఇరవై అయిదు కిలోలు దాటితే లేదు. ఆ వెంటనే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఆరు కిలోల బియ్యం సంచి పుట్టింది. మీ ఇంటికి వచ్చే సంచి ఒకసారి తిప్పి చూడండి. ఆ ఒక్క కిలో ఉదారంగా ఇచ్చింది కాదు. సంచి కొలత మారలేదు, ముప్ఫై కిలోల గుడ్డ వాడక్కర్లేదు, మూతి దగ్గర మడత కాస్త తగ్గిస్తే చాలు. మడత తగ్గినంత మేర బొమ్మ పైకి జరిగింది. నెమలి తల కుట్టులోకి పోకుండా నేను మళ్లీ కొలతలు వేశాను.

బియ్యం సంచి మొహం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. లోపలున్న రకం పేరు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204ని మనం సాంబ మసూరి అంటాం. ఇప్పుడు రాజేంద్రనగర్ వాళ్ల ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా, కూడా బజారులో ఉంది. వండినప్పుడు ఇవి ఒకలా ఉండవు. సంచి మీద నెమలికి అడుగున్నర జాగా ఉంటుంది, ‘సన్న బియ్యం’ అని ఒక మాట ఉంటుంది. ఏ రకమో, ఏ కాలంలో కోసిన వడ్లో మాత్రం ఉండదు. పాత బియ్యమా కొత్త బియ్యమా అన్నది వండి చూసుకుంటేనే తెలుస్తుంది. ఈ విషయం మిల్లు వాళ్లకి చెప్పాను. ‘‘అవన్నీ రాస్తే తర్వాత అడుగుతారండీ’’ అన్నారు. నిజమే, అడుగుతారు.

విత్తనాల సంచి గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడ సంచి మొహం దాదాపు అబద్ధం, అసలు సంగతంతా మూతి దగ్గర కుట్టిన చీటీలో ఉంటుంది. చీటీ తెల్లగా ఉంటే ఫౌండేషన్ విత్తనం, నీలంగా ఉంటే ధ్రువీకరించిన విత్తనం, లేత ఆకుపచ్చగా ఉంటే కంపెనీ తన మాట మీద అమ్మే విత్తనం. అందులో లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ఉంటాయి. వరికి మొలక కనీసం ఎనభై శాతం ఉండాలి. ధ్రువీకరించిన విత్తనానికి పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలే గడువు. సంచి మీద కంకులు నేలకి వంగి ఉన్న ఫొటో ఎంత పెద్దదైనా ఆ తేదీ దాటితే పనికిరాదు. ఆ తేదీ మీద ఇంకో స్టిక్కరు అంటించి ఉంటే గోటితో గీకి కింద ఏముందో చూడాలి.

కల్తీ గురించి కూడా ఒక మాట. ఖాళీ సంచుల్ని కిలోల లెక్కన కొనేవాళ్లు ఊళ్లలో తిరుగుతుంటారు. మంచి కంపెనీ సంచి చినగకుండా ఉంటే కాస్త ఎక్కువే ఇస్తారు. వాటిలో కొన్ని నాసిరకం సరుకుతో నిండి మళ్లీ బజారుకొస్తాయి. మొహం అసలుదే, లోపలిది కాదు. అలాంటప్పుడు ఎంత గొప్ప డిజైనూ అక్కరకి రాదు. పట్టిచ్చేది గుడ్డే. నేత సంచికి ఒకసారి సూది దిగితే టేపు చీలి కన్నం మిగిలిపోతుంది, అది పూడదు. కాబట్టి ఇప్పుడున్న కుట్టుకి పైనో కిందో ఇంకో వరస కన్నాలు కనబడితే ఆ సంచి రెండోసారి కుట్టినదని అర్థం. మూతి చేత్తో కుట్టి ఉండి, సీసపు ముద్ర లేకపోతే అసలు ఒప్పుకోకూడదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నుంచీ చెప్తున్నది అదే: మిషను కుట్టు, లేదా చేతికుట్టు అయితే ముద్ర. మధ్యలో అడ్డంగా పాత మడత గీత, ఆ గీత వెంట రంగు పోయి తెల్లగా ఉండటం ఇంకో గుర్తు. కొత్త సంచులు కట్టలుగా వస్తాయి కాబట్టి వాటికీ మడత ఉంటుంది, కానీ రంగు రాలదు.

ఇంకొకటి. బ్యాచ్ నంబరు, నెల, సంవత్సరం మామూలుగా ప్లేటుతో కాకుండా నింపేటప్పుడు రబ్బరు ముద్రతోనో ఇంకు జెట్టుతోనో మూతి దగ్గర కొడతారు. సంచి తెరిచేటప్పుడు మనం కొడవలితో కోసి పారేసేది సరిగ్గా ఆ చోటే. పంట దెబ్బ తిని ఫిర్యాదు చేయడానికి వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన మొదట అడిగేది బిల్లు, తర్వాత అడిగేది ఆ నంబరే. మూతి దారానికి ఒక కొస పట్టుకుని సరైన వైపు నుంచి లాగితే కుట్టు మొత్తం గొలుసులా ఊడి వచ్చేస్తుంది, కొడవలి అక్కర్లేదు. కోయాల్సి వస్తే ముందు ఆ అంకెలు ఫొటో తీసుకోండి. విత్తనాలైతే ఆ చీటీని, బిల్లుని, గుప్పెడు గింజల్ని ఒక కవరులో వేసి పంట ఇంటికొచ్చేదాకా దాచండి.